ఘాట్ ఎక్కేటప్పుడు జాకెట్ లోపల తడి: వాన లోపలికి వచ్చిందా, చెమట బయటికి పోలేదా?

నేపథ్యం

మహబూబ్‌నగర్‌లో నేను టెంట్లు, రక్‌సాక్‌లు, రెయిన్ జాకెట్లు రిపేర్ చేస్తాను. వానాకాలం మొదలైతే నా టేబుల్ మీదికి ఎక్కువగా వచ్చేవి 'లీకవుతున్న' జాకెట్లే. వాటిలో నిజంగా లీకయ్యేవి తక్కువ. ఈ కేసు రాయడానికి కారణం, వచ్చినతను ఓపికగా తూకాలు వేసి లెక్కలు తెచ్చాడు. జాకెట్ ఎంత పని చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్నది ఆ తూకాల్లో స్పష్టంగా కనిపించింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

ముప్పై దాటిన సైక్లిస్ట్. సెలవు రోజుల్లో అచ్చంపేట వైపు వెళ్లి, హాజీపూర్ దాటాక వచ్చే ఘాట్ ఎక్కి మన్ననూర్ చేరి, టీ తాగి దిగడం అతని అలవాటు. జులై, ఆగస్టు ముసుర్లలో కూడా మానడు. దానికోసమే మంచి ధర పెట్టి మూడు పొరల మెంబ్రేన్ జాకెట్ కొన్నాడు. బయట నైలాన్, మధ్యలో నీళ్లని ఆపి ఆవిరిని వదిలే మెంబ్రేన్ అనే పల్చటి పొర, లోపల పల్చటి అల్లిక. ట్యాగ్ మీద 20,000 అని రెండు చోట్ల ఉంది: ఒకటి బట్ట తట్టుకోగలిగే నీటి మట్టం ఎత్తు మిల్లీమీటర్లలో, రెండోది రోజుకి చదరపు మీటరులోంచి బయటికి పోయే ఆవిరి గ్రాములు.

వచ్చిన సమస్య

మన్ననూర్ చెక్‌పోస్ట్ దగ్గర జాకెట్ విప్పితే టీషర్ట్ పిండేంత తడిగా ఉంటోంది. దిగేటప్పుడు ఆ తడికి గాలి తగిలి వణుకు. కొన్న చోట అడిగితే జాకెట్ మార్చి ఇచ్చారు. కొత్తదానిలోనూ అదే తడి. ఆ తర్వాత ఇంకో కంపెనీది, ఇంకా ఖరీదైనది కొన్నాడు. దానిలోనూ అంతే. నా దగ్గరికి రెండు జాకెట్లూ పట్టుకొచ్చి, "అన్నా, పైసలు పోతే పోయినయ్. లోపల ఎందుకు తడుస్తుందో అది చెప్పన్నా" అన్నాడు.

మూడు జాకెట్లు వరసగా ఒకే తీరుగా లీకవడం జరిగే పని కాదు. అయినా లీక్ లేదని నోటితో చెప్తే ఎవరూ నమ్మరు, నమ్మాల్సిన అవసరం కూడా లేదు. అందుకే ముందు అదే తేల్చాలనుకున్నాను.

లీక్ ఉందా లేదా

తడి ఎక్కడ మొదలైందో అడిగాను. వాన లోపలికి వస్తే భుజాల కుట్ల దగ్గర, జిప్ వెంబడి, మెడ, మణికట్టు దగ్గర ముందు తెలుస్తుంది. ఇతనికి ముందు తడిసేవి ముంజేతులు, ఛాతీ మధ్య, నడుము పైన వీపు. ముంజేయి బోసిగా జాకెట్‌కి అంటుకుని ఉంటుంది. చెమటని పీల్చుకునే బట్ట మధ్యలో ఉండదు కాబట్టి అక్కడ జిగటగా ముందే తెలుస్తుంది. తడి ఉప్పగా ఉందా అంటే, ఉంది అన్నాడు.

తర్వాత జాకెట్‌ని తిరగేసి కుట్ల మీది టేప్ మొత్తం టార్చ్ వేసి చూశాను. ఎక్కడా లేవలేదు. మెంబ్రేన్ పొర విడిపోతే లోపల బుడగల్లా కనిపిస్తుంది, అదీ లేదు. ఇక అసలు పరీక్ష: భుజం, మోచేయి, వీపు భాగాల్ని ఒక్కొక్కటిగా బకెట్ మూతి మీద గుంటలా పరిచి, బెత్తెడు లోతు నీళ్లు పోసి, కింద పొడి న్యూస్‌పేపర్ పెట్టి రాత్రంతా వదిలేశాను. తెల్లారి పేపర్ మీద చుక్క లేదు. ట్యాగ్ మీద రాసిన 20,000 మిల్లీమీటర్లతో పోలిస్తే బెత్తెడు నీళ్ల బరువు ఏమీ కాదు. కానీ చిల్లు గానీ, లేచిన టేప్ గానీ ఉంటే ఆ కొద్ది నీళ్లకే ఒక రాత్రిలో బయటపడుతుంది.

ఒక తేడా మాత్రం దొరికింది. పాత జాకెట్ మీద నీళ్లు చల్లితే వీపు మీద ముత్యాల్లా జారాయి. భుజాల మీద, ముంజేతుల మీద నైలాన్‌లోకి ఇంకి ముదురు రంగుకి తిరిగింది. ఇది మెంబ్రేన్ పాడవడం కాదు. పై బట్టకి నీళ్లు అంటకుండా వేసే పూత అరిగిపోవడం. మామూలు సర్ఫ్ పొడితో, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్‌తో ఉతుకుతున్నానని చెప్పాడు. ఆ రెండూ బట్ట మీద మిగిలిపోతే నీళ్లని దగ్గరికి లాగుతాయి.

మెంబ్రేన్ చేసే పని

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే తర్వాత తీసుకున్న ప్రతి నిర్ణయం దీని మీదే ఆధారపడింది.

1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన, వేడి చేసిన పీటీఎఫ్ఈ కడ్డీని (మన నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పదార్థమే) మెల్లగా సాగదీస్తే తెగిపోతుంటే, ఒక్కసారిగా గుంజి చూశాడు. అది తెగకుండా ఎన్నో రెట్లు సాగి, లోపలంతా సూక్ష్మ రంధ్రాలతో నిండిపోయింది. ఆ రంధ్రం నీటి చుక్క కంటే దాదాపు 20,000 రెట్లు చిన్నది, ఆవిరి అణువు కంటే దాదాపు 700 రెట్లు పెద్దది అని తయారీదారులు చెప్తారు. చుక్క దూరదు, ఆవిరి దూరుతుంది. 1976 నాటికి ఈ పొరని మెంబ్రేన్‌గా అతికించిన బట్టతో జాకెట్లు మార్కెట్లోకి వచ్చాయి.

తొలి జాకెట్లకి ఒక రోగం ఉండేది. ఒంటి నూనె, చెమటలోని జిడ్డు ఆ రంధ్రాల్లోకి చేరితే, అక్కడి నుంచి నీళ్లు కూడా దూరేవి. అందుకని లోపలి వైపు పాలియురెథేన్ పల్చటి పొర వేయడం మొదలుపెట్టారు. ఆ పొరలో రంధ్రాలు ఉండవు. ఆవిరి అందులో కరిగి, అణువు అణువుగా అవతలికి వెళ్తుంది. కొన్ని జాకెట్లలో మెంబ్రేన్ మొత్తం ఇలాంటి రంధ్రాల్లేని పొరే. అలాంటి జాకెట్‌లోంచి గాలి దాదాపు వెళ్లదు. ద్రవంగా ఉన్న చెమట కూడా చుక్కలు చుక్కలుగా బయటికి రాదు. వెళ్లేది ఆవిరి మాత్రమే, అదీ లోపల ఆవిరి ఒత్తిడి బయట కంటే ఎక్కువ ఉన్నప్పుడే. మెంబ్రేన్ తనంతట తాను ఏదీ తోయదు.

మన వానల్లో ఆ ఒత్తిడి తేడా ఎంత? జులై ముసురులో ఘాట్ మీద 27 డిగ్రీలు, 95 శాతం తేమ అనుకుంటే బయట ఆవిరి ఒత్తిడి సుమారు 3.4 కిలోపాస్కల్. జాకెట్ లోపల 33 డిగ్రీల దగ్గర తేమ పూర్తిగా నిండితే సుమారు 5. అంటే తేడా 1.6 మాత్రమే. ఎంత చెమట పట్టినా లోపల 5 దాటదు, ఎందుకంటే ఆ వేడి దగ్గర గాలి అంతకంటే ఆవిరిని మోయలేదు. మిగిలింది నీళ్లుగా నిలుస్తుంది.

ఈ తేడాతో, మార్కెట్లో బాగా మంచివి అనిపించుకునే బట్టల్లోంచి చదరపు మీటరుకి గంటకి సుమారు 400 గ్రాముల ఆవిరి వెళ్లగలదు. అది ఒట్టి బట్ట లెక్క. టీషర్ట్, దానికీ జాకెట్‌కీ మధ్య నిలిచిన గాలి, జాకెట్ బయట అంటుకుని ఉండే గాలి పొర, ఇవన్నీ ఆవిరికి అడ్డమే. వాటిని కలుపుకుంటే ఒక జాకెట్ మొత్తం మీద గంటకి 150 గ్రాములు పోతే గొప్ప.

ట్యాగ్ మీది 20,000ని 24తో భాగిస్తే 800 దాటుతుంది కదా అని అతను అడిగాడు. న్యాయమైన ప్రశ్న. ఆ అంకె ఎక్కువగా ఒక జపాన్ పద్ధతి పరీక్షలోంచి వస్తుంది. బట్టకి ఒకవైపు నీళ్లు, రెండో వైపు తేమని గట్టిగా గుంజుకునే పొటాషియం అసిటేట్ ద్రావణం పెడతారు. మధ్యలో గాలి పొరే ఉండదు, అవతలి వైపు ఎడారిలా పొడిగా ఉంటుంది. రెండు బట్టల్ని పక్కపక్కన పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. ముసురులో నల్లమల ఎక్కేటప్పుడు ఎంత చెమట పోతుందో అది చెప్పదు.

అతను తెచ్చిన తూకాలు

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా తీసుకెళ్లమన్నాను. కోరింది ఒక్కటే: వాన లేని రోజు, మబ్బు పట్టి ఉక్కపోతగా ఉన్నప్పుడు, జాకెట్ మెడ దాకా జిప్ వేసుకుని ఎప్పటి వేగంతోనే ఎక్కాలి. టీషర్ట్‌ని ముందూ వెనకా తూచాలి, తన బరువూ చూసుకోవాలి. చుక్క వాన లేకుండా లోపల తడిస్తే ఇక వాదన ఉండదు.

సుమారు గంట ఎక్కాడు. టీషర్ట్ బరువు 260 గ్రాములు పెరిగింది. ఒంటి బరువు 72.6 నుంచి 71.7 కిలోలకి తగ్గింది, మధ్యలో 300 మిల్లీలీటర్ల నీళ్లు తాగాడు. అంటే చెమట సుమారు 1.2 లీటర్లు. అందులో సగం మొండెం, చేతుల మీద వచ్చిందనుకున్నా జాకెట్ కింద 600 గ్రాములు. 150 మెంబ్రేన్‌లోంచి పోతే, 260 టీషర్ట్‌లో నిలిచింది. ఇంకొంత జాకెట్ లోపలి ముఖం మీద చుక్కలుగా ఉంది, ఇంకొంత మెడ దగ్గర ఆవిరిగా పోయింది, మిగిలింది నడుము దాకా జారి షార్ట్స్‌ని తడిపింది.

మన చెరువుల సంగతి తెలిసినవాళ్లకి ఇది కొత్త కాదు. వాగు పొంగి వస్తుంటే తూము ఎంత బాగున్నా ఒక లెక్కే వదులుతుంది, మిగతాది అలుగు మీంచి పోవాల్సిందే. మెంబ్రేన్ తూము. మెడ, చంకల జిప్‌లు, కింది అంచు అలుగు. ఇతను వానకి భయపడి అలుగు మూసేసుకుని, తూము బాగాలేదని జాకెట్లు మారుస్తున్నాడు.

పోలికకి ఇంకో రోజు జాకెట్ బ్యాగులో పెట్టుకుని ఎక్కమన్నాను. టీషర్ట్ 120 గ్రాములే పెరిగింది. చెమట పట్టింది, కానీ గాలికి ఆరుతూ వచ్చింది.

సరిపోని ప్రయత్నాలు

నా దగ్గరికి రాకముందే అతను మందపాటి కాటన్ టీషర్ట్‌కి మారాడు, చెమట పీలుస్తుందని. పీల్చింది, కానీ అంతా ఒంటికి అంటుకుని ఉండిపోయింది. దిగేటప్పుడు వణుకు పెరిగింది. బజార్లో దొరికే వాటర్‌ప్రూఫ్ స్ప్రే మురికి జాకెట్ మీదే కొట్టాడు. అది మురికికి పట్టింది, బట్టకి పట్టలేదు.

నేను చేసింది పై పూతని బాగుచేయడం. దీనితో తడి మొత్తం పోదని ముందే చెప్పాను. అయినా చేయాల్సిందే, ఎందుకో చెప్తాను. పై నైలాన్ నీళ్లు తాగితే మెంబ్రేన్ మీద ఒక నీటి పొర పరుచుకుంటుంది. అప్పుడు బయటి తేమ 95 కాదు, సరిగ్గా 100 శాతం. ఆ నీళ్లు బట్టని చల్లబరుస్తాయి కూడా. చల్లబడిన లోపలి ముఖం మీద ఆవిరి వెళ్లకముందే చుక్క కడుతుంది. ఒంటికి చల్లగా తగిలే ఆ చుక్కనే చాలామంది లీక్ అనుకుంటారు.

సాఫ్ట్‌నర్ లేని, టెక్నికల్ బట్టలకి వాడే ద్రవ సబ్బుతో ఉతికి, సబ్బు జిగురు పూర్తిగా పోయేదాకా జాడించాను. ఆరాక పైన పల్చటి కాటన్ గుడ్డ వేసి, ఇస్త్రీ పెట్టెని తక్కువ వేడిలో ఉంచి మెల్లగా రుద్దాను. వేడికి పూతలోని అణువులు మళ్లీ నిలబడతాయి. ముంజేతుల మీద నీళ్లు తిరిగి ముత్యాలు కట్టాయి. బ్యాగ్ పట్టీలు ఒరుసుకునే భుజాల మీద పూతే మిగల్లేదు, అక్కడ మాత్రం కొత్తగా స్ప్రే వేశాను. ఇంకో మాట: ఇప్పుడొచ్చే జాకెట్లలో ఫ్లోరిన్ లేని పూతలు ఎక్కువ. పర్యావరణానికి అవి మేలు, నీళ్లనీ బాగా జారుస్తాయి, కానీ ఒంటి నూనెకి తట్టుకోవు. వాటిని ఇంకా తరచుగా ఉతకాలి. ఉతికితే పాడవుతుందని దాచిపెట్టడం వల్లే చాలా జాకెట్లు పాడవుతున్నాయి.

ఫలితం? పూత పోయిన రోజుల్లో వానలో ఎక్కితే టీషర్ట్ 340 గ్రాములు పెరిగేది. బాగుచేశాక వానలో 290. తేడా ఉంది, జాకెట్ కూడా తేలికైంది, చేతుల మీద చల్లదనం తగ్గిందన్నాడు. కానీ 290 అంటే ఇంకా పిండే తడే.

పని చేసింది

ఆ దశలో అతనికి చెప్పిన మాట: ఎక్కేటప్పుడు జాకెట్ వేసుకోకు.

వానలోనా అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. లెక్క చెప్పాను. 27 డిగ్రీల వాన, గంట పాటు గట్టిగా తొక్కే ఒళ్లు. ఒంట్లో పుట్టే వేడి ఎంతంటే, తడిసినా చలి పెట్టదు. జాకెట్ వేసుకున్నా తడుస్తావు, వేసుకోకున్నా తడుస్తావు. వేసుకుంటే వేడి లోపల ఆగి, చెమట ఇంకా ఎక్కువ పడుతుంది, తాగాల్సిన నీళ్లూ పెరుగుతాయి. ఎక్కేటప్పుడు తడవకుండా ఉండే దారి లేదు. ఉన్నది దిగేటప్పుడు పొడిగా ఉండే దారి. జాకెట్ బలం అక్కడే.

ఒంటి మీదికి మందపాటి కాటన్ బదులు పల్చటి పాలిస్టర్ జాలీ బనియన్. జాకెట్, పొడి టీషర్ట్ రెండూ జిప్ కవర్లో పెట్టి బ్యాగులో. మన్ననూర్ చేరగానే, చలి మొదలవకముందే, తడి బనియన్ విప్పి ఒళ్లు తుడుచుకుని, పొడిది వేసుకుని జాకెట్ మెడ దాకా మూయాలి. దిగుడులో పెద్దగా శ్రమ ఉండదు, చెమట తక్కువ, మెంబ్రేన్ వదిలే లెక్కలోనే ఉంటుంది. ఎదురుగాలిని జాకెట్ ఆపుతుంది. కిందికి చేరాక తూచితే పొడి టీషర్ట్ 30 గ్రాములే పెరిగింది. వణుకు లేదు.

పొడి టీషర్ట్ మర్చిపోయిన ఒక రోజు ఇంకో విషయం బయటపడింది. తడి బనియన్‌నే గట్టిగా పిండి, తిరిగి వేసుకుని, పైన జాకెట్ మూసి దిగాడు. పిండాక 110 గ్రాముల నీళ్లు మిగిలాయి. దిగి, కింద చదునులో నిదానంగా తొక్కుతూ యాభై నిమిషాలు గడిచాక తూచితే 45. బయట వాన పడుతూనే ఉంది. మంచి పూత ఉన్న మెంబ్రేన్, ఒంటి వేడి తోడుంటే, వానలోనే లోపలి బట్టని ఆరబెట్టింది. ప్లాస్టిక్ రెయిన్‌కోట్ ఈ పని చేయలేదు. జాకెట్‌కి పెట్టిన డబ్బు దీనికే, ఘాట్ ఎక్కేటప్పుడు పొడిగా ఉంచడానికి కాదు.

జాకెట్ వేసుకునే ఎక్కాల్సి వస్తే, ఉరుములు, ఈదురుగాలి ఉన్నప్పుడు, చంకల జిప్‌లు పూర్తిగా తెరవమన్నాను, ముందు జిప్ ఛాతీ దాకా దించమన్నాను. కొంచెం వాన లోపలికి వస్తుంది. వచ్చే వాన కంటే పోయే ఆవిరి ఎక్కువ.

మాటల మధ్య అతను ఒకటి అడిగాడు. డిండి దగ్గర ముసురులో గొంగడి కొప్పెర పెట్టుకుని గొర్లు కాసేవాళ్లు కనిపిస్తారు కదా, వాళ్లు గొంగడి కింద ఎందుకు నానిపోరు అని. గొంగడి కిందంతా తెరిచే ఉంటుంది, గాలి ఆడుతుంది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని తడిగా అనిపించకుండానే దాచుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ కాపరి నిలబడో, నిదానంగా నడుస్తూనో ఉంటాడు. అదే గొంగడి కప్పుకుని ఘాట్ మీద సైకిల్ తొక్కితే అతనికీ చెమట కారుతుంది.

నేర్చుకున్నది, తేలనిది

ఈ కేసు తర్వాత లీక్ అని ఎవరు వచ్చినా టేప్ చూడటంతో పాటు రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: తడి ముందు ఎక్కడ తెలిసింది, అప్పుడు మీరు ఏం చేస్తున్నారు. బండి మీద కూర్చుని వెళ్తుంటే భుజం తడిసిందంటే కుట్టు వెతుకుతాను. ఎక్కుతుంటే ముంజేయి తడిసిందంటే కాటా ఇచ్చి పంపిస్తాను. నల్లగొండ నుంచి వచ్చిన ఒక ట్రెక్కర్‌కి కూడా ఇదే వరసలో చూస్తే, అతనిది నిజంగానే హుడ్ కుట్టు దగ్గర లేచిన టేప్ అని తేలింది. అదొక అరగంట పని.

రెండో ఖరీదైన జాకెట్‌ని హిమాలయాలకి వెళ్లే స్నేహితుడికి ఇచ్చేశాడు. అక్కడ లెక్క మారుతుంది. బయట 5 డిగ్రీలుంటే ఆవిరి ఒత్తిడి 0.9 కూడా దాటదు, కాబట్టి తేడా మన దగ్గర కంటే చాలా ఎక్కువ, చెమటా తక్కువే. కానీ జాకెట్ లోపలి ముఖం చల్లబడి ఆవిరి అక్కడే చుక్కలు కడుతుంది. లోపల మందం వేసుకుని ఎక్కితే అక్కడా తడుస్తుందని, ఎక్కేటప్పుడు ఒక పొర తగ్గించి కాస్త చలిగా ఉండగానే బయల్దేరమని ఆ స్నేహితుడికి కబురు పంపాను.

మన దగ్గరే ఒక పరిస్థితికి నా దగ్గర ఇంకా గట్టి జవాబు లేదు. నవంబర్‌లో తుఫాను వానలు పడితే తెల్లవారుజామున ఘాట్ మీద చలిగా, గాలిగా ఉంటుంది. జాకెట్ తీసేసి ఎక్కమని అప్పుడు చెప్పలేను. టైరు పంక్చరై పది నిమిషాలు ఆగితే తడి ఒంటి మీద చలి పట్టేస్తుంది. అలాంటప్పుడు జాకెట్ వేసుకుని, చంకల జిప్‌లు తెరిచి, మాట్లాడుతూ తొక్కగలిగేంత వేగానికి తగ్గించమన్నాను. వేగం తగ్గితే చెమట ఎంత తగ్గుతుందో, అది 150 గ్రాముల దగ్గరికి వస్తుందో లేదో ఈ నవంబర్లో తూచి చెప్తానన్నాడు. కాటా అతని దగ్గరే ఉంది.